స్టాప్‌లాస్ ఎగ్జిక్యూట్ కాకపోతే ఫోన్ మోగాలి: ట్రేడింగ్ అలర్ట్‌లు ఏది ఎక్కడికి పంపాలి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఆఫీసు జాబ్ చేస్తూ నిఫ్టీ ఆప్షన్స్ అమ్ముతుంటాను. పైథాన్ స్క్రిప్ట్ క్లౌడ్ సర్వర్‌లో నడుస్తుంది. అలర్ట్స్ అన్నీ ఈమెయిల్‌కీ టెలిగ్రామ్‌కీ వస్తాయి. అయినా పోయిన వారం మీటింగ్‌లో ఉండగా స్టాప్‌లాస్ ఎగ్జిక్యూట్ కాలేదన్న మెసేజ్ చూసుకోలేదు. ఏ అలర్ట్ దేనికి పంపాలి? నిజంగా అర్జెంట్ అయితే ఫోన్ మోగేదాకా ఎలా తీసుకెళ్లాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు:

ముందు ఛానెళ్ల సంగతి పక్కన పెట్టి ఒక్క పని చేయండి. స్క్రిప్ట్ పంపే ప్రతి అలర్ట్ పక్కన "దీన్ని ఎంతసేపట్లో చూడకపోతే నాకు డబ్బు పోతుంది" అని రాసుకోండి. నేను రాసుకున్నప్పుడు రోజుకు అరవై, డెబ్బై మెసేజ్‌ల్లో ఒకటో రెండో తప్ప మిగతావన్నీ సాయంత్రం చూసినా సరిపోయేవే అని తేలింది. ఎంట్రీ అయింది, టార్గెట్ తగిలింది, మార్జిన్ ఇంత వాడాం, వీఐఎక్స్ పెరిగింది, ఇవన్నీ సమాచారమే, వీటికి అప్పటికప్పుడు మీరు చేసే పని ఏమీ లేదు. అసలైన అర్జెంట్ అంటే మీరు ఒక పని చేయాలి, అది కొన్ని నిమిషాల్లోనే చేయాలి, మీ స్క్రిప్ట్ దాన్ని తనంతట తాను చేయలేకపోయింది. ఈ మూడూ కలిసినప్పుడే ఫోన్ మోగాలి.

మీరు చెప్పిన కేసు సరిగ్గా అలాంటిదే, కాబట్టి దాన్నే పట్టుకుని చివరిదాకా వెళ్దాం. ఎన్‌ఎస్‌ఈ 2021లో ఆప్షన్స్‌కి స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డర్ తీసేసింది, అప్పటి నుంచి మనకు మిగిలింది స్టాప్‌లాస్ లిమిట్ ఒక్కటే. మీరు ఒక కాల్ ఆప్షన్‌ని 120 దగ్గర అమ్మి, ట్రిగ్గర్ 160, లిమిట్ 165 పెట్టారనుకోండి. ఆర్‌బీఐ పాలసీ రోజు ఉదయం పది గంటలకు ప్రకటన రాగానే ధర 158 నుంచి ఒక్క దూకుడులో 172కి వెళ్లిపోయింది. ట్రిగ్గర్ పడింది, ఆర్డర్ ఎక్స్చేంజ్‌లోని మామూలు ఆర్డర్ల వరుసలోకి వెళ్లింది, కానీ 165కి అమ్మేవాడు లేడు. ఆర్డర్ బుక్‌లో `TRIGGER PENDING` అన్నది `OPEN` అయి అలాగే కూర్చుంటుంది. పైపైన చూస్తే స్టాప్‌లాస్ హిట్ అయింది కదా అనిపిస్తుంది, నిజానికి పొజిషన్ అలాగే ఉంది, దానికి ఏ రక్షణా లేదు. చాలామంది స్క్రిప్ట్‌లు "స్టాప్‌లాస్ ట్రిగ్గర్ అయింది" అని ఒక మెసేజ్ పంపి ఊరుకుంటాయి. అలర్ట్ ట్రిగ్గర్ మీద కాదు, ట్రిగ్గర్ తర్వాత `COMPLETE` రాకపోవడం మీద పెట్టాలి. నా దగ్గర ఐదు సెకన్లు చూస్తాను, మామూలు రోజుల్లో ఒకటి రెండు సెకన్లలోనే ఎగ్జిక్యూట్ అయిపోతుంది కాబట్టి ఐదు దాటిందంటే ఏదో తేడా ఉన్నట్టే.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఏమిటంటే, ఈ ఐదో సెకన్ దగ్గరే మనిషిని పిలవడం. నేను స్టాప్‌వాచ్ పెట్టి కొలుచుకున్నాను. ఫోన్ జేబులోంచి తీసి, అన్‌లాక్ చేసి, బ్రోకర్ యాప్ తెరిచి, పిన్ కొట్టి, ఆ ఆర్డర్ వెతికి లిమిట్ మార్చేసరికి, ఏ పనిలోనూ లేనప్పుడే నాకు 70 నుంచి 90 సెకన్లు పట్టింది. మీటింగ్‌లో ఉంటే ఇంకా ఎక్కువ. అంటే రెండు నిమిషాల లోపు తేల్చాల్సిన దేన్నీ మనిషి మీద వదలకూడదు, ఎంత మంచి ఛానెల్ పెట్టినా ఆ రెండు నిమిషాలు తగ్గవు. కాబట్టి మొదటి మెట్టు స్క్రిప్ట్‌దే. ఐదు సెకన్లలో ఎగ్జిక్యూట్ కాకపోతే లిమిట్‌ని అప్పుడున్న అమ్మకం ధరకు కాస్త పైకి జరపాలి, పది సెకన్లు చూసి మళ్లీ జరపాలి, ఇలా మీరు ముందే ఒప్పుకున్న ఒక గరిష్ఠ ధర దాకా, మన ఉదాహరణలో 185 అనుకుందాం. ఒకే ఆర్డర్‌ని ఎన్నిసార్లు మార్చవచ్చన్న దానికి బ్రోకర్ల దగ్గర పరిమితి ఉంటుంది, కాబట్టి రూపాయి రూపాయి జరపకండి, మూడు నాలుగు పెద్ద అడుగుల్లో వెళ్లండి. తొంభై శాతం సార్లు ఇక్కడే పని అయిపోతుంది, అప్పుడు మీకు రావాల్సింది "165 బదులు 176కి క్లోజ్ అయింది" అన్న మామూలు టెలిగ్రామ్ మెసేజ్ మాత్రమే.

185 దాకా వెళ్లినా ఎగ్జిక్యూట్ కాలేదు, లేదా మార్చబోతే బ్రోకర్ ఏపీఐ ఎర్రర్ ఇస్తోంది. ఇదిగో, ఇప్పుడు మనిషి కావాలి.

ఈమెయిల్‌ని ఈ దారిలోంచి పూర్తిగా తీసేయండి. మెయిల్ కొన్నిసార్లు రెండు సెకన్లలో వస్తుంది, కొన్నిసార్లు పది నిమిషాలు పడుతుంది, ఏది ఎప్పుడు అవుతుందో ముందుగా తెలియదు. కొత్త సర్వర్ నుంచి వచ్చే మెయిల్‌ని అవతలి సర్వర్ మొదటిసారి వెనక్కి తిప్పి, మళ్లీ పంపితేనే తీసుకునే పద్ధతి కూడా ఉంది, ఆ ఆలస్యం మీ చేతిలో లేదు. స్పామ్ ఫోల్డర్ సరేసరి. ఇంకొకటి చాలామంది గమనించరు, ఒకే సబ్జెక్ట్‌తో పంపిన మెయిల్స్‌ని జీమెయిల్ ఒకే సంభాషణగా కట్టేస్తుంది, అందుకే నాలుగో హెచ్చరిక పాత మూడింటి కింద కలిసిపోయి కొత్తదిగా కనబడదు. అలా అని మెయిల్ పనికిరాదనను. రోజు చివర మూడున్నర తర్వాత ఏ ఆర్డర్ ఎప్పుడు ట్రిగ్గర్ అయింది, ఎంత జారింది, ఏ అలర్ట్ ఎప్పుడు వెళ్లింది అన్న రిపోర్ట్‌కి అంతకన్నా మంచిది లేదు. ఆరు నెలల తర్వాత వెతికితే దొరుకుతుంది.

టెలిగ్రామ్ బాట్ నాకు ఇష్టం, ఉచితం, రెండు లైన్ల కోడ్‌తో పని అవుతుంది, మామూలు సమాచారం అంతా దానికే పంపుతాను. కానీ అర్జెంట్‌కి అది ఒక్కటే సరిపోదు. మొదటిది, మీరు మెసేజ్ చదివారో లేదో బాట్‌కి తెలిసే మార్గం లేదు. ఏపీఐ `"ok": true` అని తిరిగి చెప్పిందంటే టెలిగ్రామ్ సర్వర్‌కి చేరిందని మాత్రమే అర్థం, మీ కంటికి చేరిందని కాదు. రెండోది వేగ పరిమితి. ఒకే చాట్‌కి సెకనుకు సుమారు ఒక మెసేజ్, గ్రూప్‌కైతే నిమిషానికి 20, దాటితే `429` ఎర్రర్‌తో ఎన్ని సెకన్లు ఆగాలో `retry_after`లో చెబుతుంది. మామూలు రోజుల్లో ఇది గుర్తు కూడా రాదు. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితాల రోజు నిఫ్టీ దాదాపు ఆరు శాతం పడింది కదా, అలాంటి రోజున మీ ప్రతి లెగ్, ప్రతి లెవెల్, ప్రతి మార్జిన్ హెచ్చరిక ఒకేసారి లేస్తాయి, అసలు కావాల్సిన మెసేజ్ ఆ వరుసలో చివర నిలబడుతుంది. అందుకే అర్జెంట్‌కి వేరే బాట్, వేరే చాట్ పెట్టండి, ఆ చాట్‌లోకి ఇంకేదీ రాకూడదు.

మూడో కారణం నా అనుభవంలోదే. అన్నీ ఒకే గ్రూప్‌లో వచ్చే రోజుల్లో ఆఫీసులో ఫోన్ ఆగకుండా టింగ్ టింగ్ అంటోందని ఎనిమిది గంటలపాటు మ్యూట్ పెట్టాను. ఆ మధ్యాహ్నమే ఒక పుట్ స్టాప్‌లాస్ ఎగ్జిక్యూట్ కాకుండా ఉండిపోయింది, నేను చూసింది నలభై నిమిషాల తర్వాత. ఆ ఒక్క ట్రేడ్‌లో నెల సంపాదన పోయింది. టెలిగ్రామ్ తప్పేం లేదు, మెసేజ్ సమయానికే వచ్చింది, దాన్ని మిగతా అరవై మెసేజ్‌ల మధ్య పెట్టింది నేనే. ఒక ఛానెల్‌ని మీరు ఒక్కసారైనా మ్యూట్ చేశారంటే అది ఇక అర్జెంట్ ఛానెల్ కాదు, ఆ రోజే దాన్ని మార్చేయండి.

వాట్సాప్ గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నా. అధికారిక దారిలో వెళ్తే బిజినెస్ ఖాతా, ముందే ఆమోదం పొందిన టెంప్లేట్లు కావాలి, ఒక్కడి కోసం అంత తతంగం దండగ. అనధికార లైబ్రరీలతో సొంత నంబర్ నుంచి పంపిస్తే నంబర్ బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది. ఎస్ఎంఎస్ కూడా మన దేశంలో స్క్రిప్ట్ నుంచి పంపాలంటే టెలికాం కంపెనీల దగ్గర డీఎల్‌టీ రిజిస్ట్రేషన్, టెంప్లేట్ అంటారు. రెండూ వదిలేయండి.

అర్జెంట్ మొదటి మోతకి నేను వాడేది పుషోవర్. యాప్‌కి ఒకసారి కొంత డబ్బు కట్టాలి, కానీ దాంట్లో ఉన్న ఎమర్జెన్సీ ప్రయారిటీ అన్నదే మనకు కావాల్సింది. మీరు ఫోన్‌లో నొక్కి అందిందని ఒప్పుకునేదాకా అదే మళ్లీ మళ్లీ మోగుతుంది, ఒప్పుకున్నారా లేదా అన్నది మీ స్క్రిప్ట్ అడిగి తెలుసుకోవచ్చు. పంపడం ఇంతే:

```
curl -s \
  --form-string "token=APP_TOKEN" \
  --form-string "user=USER_KEY" \
  --form-string "priority=2" \
  --form-string "retry=30" \
  --form-string "expire=600" \
  --form-string "message=NIFTY CE SL NOT FILLED. Limit 185, LTP 191. 10:04:12" \
  https://api.pushover.net/1/messages.json
```

`retry` అంటే ఎన్ని సెకన్లకోసారి మోగాలి, 30 కంటే తక్కువ ఒప్పుకోదు. `expire` అంటే మొత్తం ఎంతసేపు, ఇక్కడ పది నిమిషాలు. జవాబులో ఒక `receipt` వస్తుంది, దాన్ని దాచుకుని ఇలా అడగండి, `acknowledged` 1 అయితే మీరు నొక్కారన్నమాట:

```
curl -s "https://api.pushover.net/1/receipts/RECEIPT.json?token=APP_TOKEN"
```

మెసేజ్ ఎలా రాయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. లాక్ స్క్రీన్ మీద కనబడేది మొదటి ఒకటి రెండు లైన్లే, కాబట్టి ఏది, ఏమైంది, ఇప్పుడు ధర ఎంత అన్నవి ముందు ఉండాలి, స్ట్రాటజీ పేరు, సర్వర్ పేరు లాంటివి చివర. పంపిన సమయం సెకన్లతో సహా మెసేజ్ లోపల తప్పకుండా పెట్టండి, లేకపోతే ఆలస్యంగా వచ్చిన పాత అలర్ట్ చూసి ఇప్పటి ధర అనుకుని ఆర్డర్ మార్చేస్తారు.

ఇప్పుడు మెట్లు. 185 దగ్గర స్క్రిప్ట్ చేతులెత్తేసిన క్షణాన్ని సున్నా అనుకోండి. సున్నా దగ్గర పుషోవర్ ఎమర్జెన్సీ, దాంతోపాటే అర్జెంట్ టెలిగ్రామ్ చాట్‌కి అదే మెసేజ్. ఒకటి పోయినా ఇంకొకటి ఉండాలని రెండూ ఒకేసారి, ఒకదాని తర్వాత ఒకటి కాదు. 60వ సెకన్‌కి `acknowledged` ఇంకా సున్నాయే ఉంటే ఫోన్ కాల్, ట్విలియో లాంటి సేవతో కోడ్ నుంచే కాల్ చేయించవచ్చు. ఎత్తకపోతే 120వ సెకన్‌కి అదే నంబర్ నుంచి రెండో కాల్. ఈ రెండో కాల్ ఊరికే పెట్టింది కాదు. ఫోన్ డీఎన్‌డీలో ఉన్నా ఐఫోన్‌లో మూడు నిమిషాల లోపు, ఆండ్రాయిడ్‌లో పదిహేను నిమిషాల లోపు అదే నంబర్ నుంచి మళ్లీ కాల్ వస్తే మోగనిచ్చే సెట్టింగ్ ఉంటుంది, రిపీటెడ్ కాల్స్, రిపీట్ కాలర్స్ అన్న పేర్లతో వెతకండి, ఆన్ చేసుకోండి. అది డీఎన్‌డీని దాటిస్తుందే తప్ప సైలెంట్‌లో పెట్టిన ఫోన్‌ని మోగించదు, అది గుర్తుంచుకోండి. ఆ నంబర్‌ని కాంటాక్ట్స్‌లో పేరు పెట్టి సేవ్ చేసి డీఎన్‌డీ మినహాయింపుల్లో చేర్చండి, తెలియని నంబర్లను ఆపేసే స్పామ్ యాప్ ఉంటే దాంట్లో కూడా. విదేశీ నంబర్ నుంచి వచ్చే కాల్స్ ఒక్కోసారి వేరే నంబర్‌తో కనబడతాయి, అందుకే ఒకసారి కాదు, వేర్వేరు రోజుల్లో నాలుగైదు సార్లు కాల్ చేయించుకుని ఏ నంబర్ పడుతోందో చూసుకోండి.

మూడు నిమిషాలు దాటితే రెండో మనిషి. నాకు మా తమ్ముడు. వాడికి నా బ్రోకర్ లాగిన్ ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. వాడి పని ఒక్కటే, మా ఆఫీసు రిసెప్షన్‌కి ఫోన్ చేసి నన్ను పిలిపించడం. కొన్ని ఆఫీసుల్లో ఫ్లోర్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు, మీది అలాంటిదైతే ఈ మెట్లన్నీ గోడకు తగిలి ఆగిపోతాయి. అప్పుడు దయచేసి హెడ్జ్ లేకుండా ఆప్షన్ అమ్మకండి. పైన ఇంకో స్ట్రైక్ కొని స్ప్రెడ్‌గా పెట్టుకుంటే గరిష్ఠ నష్టం ముందే తెలుస్తుంది, ఎగ్జిక్యూట్ కాని స్టాప్‌లాస్ అప్పుడు చెడ్డ వార్తే కానీ ప్రాణం మీదికి వచ్చేది కాదు. అలర్ట్‌తో కాకుండా పొజిషన్‌తోనే తీర్చాల్సిన సమస్య ఇది.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీరు నొక్కగానే మోత ఆగుతుంది, అంతవరకు బాగానే ఉంది, కానీ సమస్య తీరిందని కాదు. మీటింగ్‌లో ఉన్నప్పుడు ఫోన్ అరుస్తుంటే అలవాటుగా నొక్కేసి "ఒక్క నిమిషం" అనుకుంటాం, ఆ ఒక్క నిమిషం పావుగంట అవుతుంది. అందుకే నా స్క్రిప్ట్ నేను నొక్కిన మూడు నిమిషాల తర్వాత పొజిషన్‌ని బ్రోకర్ దగ్గర మళ్లీ చూస్తుంది, క్వాంటిటీ ఇంకా సున్నా కాకపోతే మొత్తం మెట్లు మొదటి నుంచి మళ్లీ మొదలు. అలర్ట్ ముగిసేది బటన్‌తో కాదు, పొజిషన్ సున్నా అవడంతో. అలాగే పొజిషన్ మధ్యలోనే క్లోజ్ అయిపోతే మిగతా కాల్స్ అన్నీ రద్దు కావాలి, లేకపోతే అయిపోయిన దానికి తమ్ముడు ఆఫీసుకి ఫోన్ చేస్తాడు, రెండోసారి నుంచి నమ్మడు.

ఒకే సంఘటనకి ఒకే అలర్ట్ వెళ్లేలా కూడా చూసుకోండి. ధర 160 చుట్టూ ఊగిసలాడుతూ పదిసార్లు దాటితే పది అలర్ట్‌లు వస్తాయి. ఒకసారి 160 దాటి మోగాక, ధర 150 కిందికి వచ్చి మళ్లీ 160 దాటితేనే రెండోసారి మోగాలి అని పెట్టుకుంటే ఈ గోల తగ్గుతుంది. ట్రేడింగ్‌వ్యూ నుంచి అలర్ట్‌లు తీసుకునేవాళ్లకైతే ఇది ఇంకా అవసరం, అక్కడ మూడు నిమిషాల్లో పదిహేను సార్ల కంటే ఎక్కువ ట్రిగ్గర్ అయితే ఆ అలర్ట్‌నే ఆపేస్తారు, ఆ తర్వాత నిజమైనది వచ్చినా మౌనమే.

ఆ మౌనమే అసలు భయపడాల్సింది. సర్వర్ ఆగిపోతే, ఇంటర్నెట్ పోతే, ఉదయం లాగిన్ టోకెన్ తీసుకోవడం మర్చిపోతే, ఇప్పటిదాకా చెప్పిన ఏ అలర్టూ రాదు, మీరేమో ఈ రోజు ప్రశాంతంగా ఉందనుకుంటారు. జెరోధా కైట్ కనెక్ట్‌లో టోకెన్ ఉదయం ఆరు గంటలకు చచ్చిపోతుంది, రోజూ కొత్తది తీసుకోవాలి, మరిచిపోయిన రోజు స్క్రిప్ట్ నడుస్తూనే ఉంటుంది కానీ ఏమీ కనబడదు. దీనికి బయటి నుంచి కాపలా కావాలి. హెల్త్‌చెక్స్ డాట్ ఐఓ అనే సేవ ఉంది, మీ స్క్రిప్ట్ నిమిషానికోసారి దానికి ఒక పింగ్ కొడుతుంది, పింగ్ రాకపోతే అది మిమ్మల్ని పిలుస్తుంది:

```
curl -fsS -m 10 --retry 3 https://hc-ping.com/YOUR-UUID
```

ఈ పింగ్‌ని ఎక్కడ పెడతారన్నదాంట్లోనే కిటుకు ఉంది. క్రాన్‌లో విడిగా పెడితే సర్వర్ బతికుందని మాత్రమే చెబుతుంది, స్క్రిప్ట్ లోపల చచ్చినా పింగ్ వెళ్తూనే ఉంటుంది. బ్రోకర్ నుంచి పొజిషన్లు విజయవంతంగా తెచ్చుకున్న తర్వాత, ఆఖరి టిక్ వయసు పది సెకన్ల లోపు ఉందని చూసుకున్న తర్వాతే పింగ్ కొట్టాలి. మార్కెట్ సమయం 9:15 నుంచి 3:30 దాకానే చూడమని షెడ్యూల్ పెట్టుకోండి, టైమ్ జోన్ భారత సమయం ఎంచుకోండి, లేకపోతే రాత్రంతా మోగిస్తుంది. పైన చెప్పిన ఫోన్ కాల్ మెట్లు కూడా వీలైతే ట్రేడింగ్ స్క్రిప్ట్ ఉన్న సర్వర్‌లో కాకుండా వేరే చోట నడపండి, ఆ సర్వరే పడిపోతే కాల్ చేసేవాడు కూడా దాంతోపాటే పోతాడు.

ఆఖరుగా ఫోన్ పరీక్ష. అందరూ ఫోన్ చేతిలో పట్టుకుని, స్క్రీన్ వెలుగుతుండగా టెస్ట్ మెసేజ్ పంపుకుని వచ్చింది కదా అని వదిలేస్తారు. ఆండ్రాయిడ్ ఫోన్ ఛార్జింగ్ లేకుండా, స్క్రీన్ ఆఫ్‌లో, కదలకుండా కాసేపు పడి ఉంటే డోజ్ అనే నిద్రలోకి జారుతుంది, ఆఫీసు బల్ల మీద మీ ఫోన్ రోజంతా ఉండేది ఆ స్థితిలోనే. దానిపైన కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనక నడిచే యాప్‌లను మూసేస్తాయి. పుషోవర్, టెలిగ్రామ్ రెండింటికీ బ్యాటరీ ఆప్టిమైజేషన్ తీసేసి, ఆటోస్టార్ట్ సెట్టింగ్ ఉంటే ఆన్ చేసి, ఫోన్‌ని గంటసేపు బల్ల మీద అలాగే వదిలి, వైఫై కాకుండా మొబైల్ డేటా మీద, అప్పుడు టెస్ట్ పంపండి. మెసేజ్‌లోని సమయానికీ ఫోన్ మోగిన సమయానికీ తేడా రాసుకోండి. నాకు పాత ఫోన్‌లో మొదటిసారి ఈ తేడా ఏడు నిమిషాలు వచ్చింది, సెట్టింగ్స్ మార్చాక రెండు మూడు సెకన్లకు దిగింది. ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయండి, సెట్టింగ్స్ కొన్ని వాటంతటవే పాతవాటికి తిరిగిపోతాయి.

రోజూ 9:05కి నా స్క్రిప్ట్ ఒక ఎమర్జెన్సీ టెస్ట్ పంపుతుంది, నేను 9:12 లోపు నొక్కకపోతే ఆ రోజు కొత్త పొజిషన్ తీసుకోదు. మీరు కూడా ముందు దాన్ని పెట్టండి, మిగతా మెట్లు ఈ శని ఆదివారాల్లో కట్టుకోవచ్చు. మీ బ్రోకర్ ఏది, ఆర్డర్ అప్‌డేట్స్ వెబ్‌సాకెట్‌లో తీసుకుంటున్నారా లేక మళ్లీ మళ్లీ అడిగి తెచ్చుకుంటున్నారా చెబితే ఆ ఐదు సెకన్ల చెక్ ఎక్కడ పెట్టాలో చూద్దాం.